స్పోకెన్ ఇంగ్లిష్ తర్వాత, ముందు జీతాల రిజిస్టరు

"మావాడిది తెలుగు మీడియం, బీకాం అయింది. ఆఫీసు ఇంగ్లిష్ వాడి వల్ల కాదు. ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో పడేస్తాం" అంటారు తల్లిదండ్రులు, పిల్లాడిని పక్కనే కూర్చోబెట్టుకుని. ఆ మాట వాడి ముందే ఎందుకు అనాలో నాకు ఎప్పటికీ అర్థం కాదు. జీతాల సెక్షన్‌లో కావలసిన ఇంగ్లిష్ ఎంతో, అది దేని మీద నిలబడుతుందో ఒక్క ఉత్తరం చూస్తే తెలుస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఒక రైస్ మిల్లు అనుకోండి. జీతాల రిజిస్టరు తెలుగులోనే ఉంటుంది. సూపర్‌వైజర్ కొడుకు బ్రిటన్‌లో చదువు పూర్తి చేశాడు. పట్టా ప్రదానానికి తండ్రి వెళ్లాలి, విజిటర్ వీసాకు శాలరీ సర్టిఫికెట్ కావాలి. ఉద్యోగి హోదా, జీతం, ఎప్పటి నుంచి పనిచేస్తున్నాడు అన్న మూడు సంగతులూ యజమాని లెటర్‌హెడ్ మీద కనిపించాలి. ఎన్నాళ్లు సెలవు మంజూరైందో కూడా రాస్తే మంచిది. అంతా కలిపి పది వాక్యాలు దాటదు.

కష్టం రిజిస్టరు దగ్గర మొదలవుతుంది. మూల వేతనం 18,000, కరువు భత్యం 4,000, ఇంటి అద్దె 3,500, రానుపోను ఖర్చు 1,500 కలిపి మొత్తం 27,000. కోతల్లో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200, అడ్వాన్సు 2,000. చేతికొచ్చింది 23,000. సర్టిఫికెట్లో ఏ అంకె వేయాలి? తొందరపడేవాళ్లు 27,000 మాత్రమే వేసి పంపిస్తారు. బ్యాంకు స్టేట్‌మెంటులో 23,000 జమ కనిపిస్తుంది, వీసా అధికారికి అనుమానం వస్తుంది. 23,000 మాత్రమే వేస్తే ఉద్యోగికి నష్టం, ఎందుకంటే అడ్వాన్సు అతను ముందే తీసుకున్న డబ్బు. అది తిరిగి జమ కావడం వల్ల జీతం తగ్గినట్టు కాదు. కాబట్టి గ్రాస్ శాలరీ, ఒక్కో కోత, నెట్ శాలరీ అన్నీ విడివిడిగా వేయాలి. అడ్వాన్సు రికవరీని దాని పేరుతోనే చూపించాలి. ఏడాది మొత్తం 3,24,000 అని అంకెల్లో వేసి, అక్షరాల్లోనూ రాయాలి. మన కామాలు విదేశీ అధికారికి అలవాటు ఉండకపోవచ్చు. పౌండ్లలోకి మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

చేరిన తేదీ ఇంకో చిక్కు. పాత రిజిస్టర్లో '2011 ఉగాది నుంచి' అని ఉంటుంది. పంచాంగం చూస్తే అది ఏప్రిల్ 4. పీఎఫ్ పాస్‌బుక్‌లో మాత్రం 2013 ఉందనుకోండి, రెండూ రాసేయాలి: ఉద్యోగంలో చేరింది ఫలానా రోజు, పీఎఫ్‌లో సభ్యుడైంది ఫలానా రోజు అని. పేరును పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే వేయాలి, రిజిస్టరులో ఇంటిపేరు ఎక్కడ ఉన్నా సరే. తెలుగు రిజిస్టరు పేజీని జత చేయనక్కర్లేదు. జత చేస్తే దానికి అనువాదకుడి ధ్రువీకరణ, సంతకం, తేదీ, వివరాలతో అనువాదం కూడా పెట్టాలి. సర్టిఫికెట్ ఆ పేజీకి అనువాదం కాదు, యజమాని స్వయంగా ఇచ్చే పత్రం.

ఇక్కడే కన్సల్టెంట్లు దూరతారు. "జీతం నలభై వేలని రాయించుకురండి, వీసా గ్యారంటీ" అంటారు. సీజన్‌లో చేతికిచ్చే బత్తా కలిపితే అంత అవుతుంది కదా అని మిల్లు వాళ్లూ తలూపుతారు. లెక్కల్లో ఎక్కని నగదును జీతంగా చూపించకూడదు. పత్రం తప్పుడుదని తేలి, మోసం చేశారని నిర్ధారిస్తే ఆ తండ్రికి పదేళ్ల దాకా బ్రిటన్ వీసా రాకపోవచ్చు. నలభై వేలు వేసిన గుమాస్తా మీదకూ ఆ తప్పు వస్తుంది, ఎందుకంటే ఫోన్ చేసి అడిగితే జవాబు చెప్పాల్సింది అతనే. ఈ ఉద్యోగంలో కాదనగలగడం కూడా పనే. దాన్ని ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు.

అర్హత సంగతి: ఏదైనా డిగ్రీ, ట్యాలీ, ఎక్సెల్ వస్తే మొదలుపెట్టొచ్చు. 'పేరోల్ స్పెషలిస్ట్' సర్టిఫికెట్ పేరిట వేలకు వేలు గుంజే కోర్సులకు డబ్బు కట్టే ముందు, ఒక్క అసలు జీతాల రిజిస్టరైనా చూపిస్తారా అని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. నేనైతే ఊళ్లోని ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గరో, మిల్లు లెక్కల గదిలోనో ఏడాది కూర్చోమంటాను. మొదట్లో ఇచ్చేది కొద్దిగానే ఉంటుంది. అయినా కోతలన్నీ చేతిమీదుగా వెళ్తాయి. పాత రిజిస్టరును బ్యాంకు జమలతో నెలనెలా సరిచూడటం ముందు నేర్చుకోవాలి, ఉత్తరం రాయడం ఆ తర్వాత. ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగు రిజిస్టరు చదవలేక ఇబ్బంది పడేవాళ్లున్నారు. మీవాడు ఆ పని ఇప్పుడే చేయగలడు.