గడియారంతో తాళం తీయొచ్చు, అనుమతి మాత్రం ఆలోచించి

ప్రశ్న: ఆపిల్ వాచ్‌తో మ్యాక్ తాళం తీస్తున్నాను. ఆఫీసు లాగిన్‌లకూ వాచ్‌పైనే అనుమతి ఇవ్వొచ్చా?

జవాబు: ఈ రెండూ ఒకటి కావు. తాళం తీసేటప్పుడు వాచ్‌కి పాస్‌కోడ్ ఉండాలి, అది మణికట్టుమీద తెరిచి ఉండాలి, మ్యాక్‌కు దగ్గరగానూ ఉండాలి. సంకేతం వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని బట్టి మ్యాక్ ఆ దూరాన్ని లెక్కిస్తుంది. వాచ్ చేతినుంచి తీయగానే లాక్ అవుతుంది కాబట్టి, దాన్ని దొంగిలించినా ఉపయోగం తక్కువ. లాగిన్ అనుమతికి ఈ దూరం లెక్క సాధారణంగా ఉండదు. మీ పాస్‌వర్డ్ దొరికినవాడు ఏ దేశంలో కూర్చుని ప్రయత్నించినా వాచ్ మోగుతుంది. 2022 సెప్టెంబరులో ఉబర్‌లోకి చొరబడినవాడు చేసింది ఇదే: అభ్యర్థనలు వరుసగా పంపుతూ పోతే, ఒక కాంట్రాక్టు ఉద్యోగి చివరికి ఒకదాన్ని అంగీకరించాడు.

ఫోన్‌లోనూ ఇలా జరగొచ్చు కదా అంటారా? నిజమే. అందుకే మైక్రోసాఫ్ట్, లాగిన్ తెరపై కనిపించే అంకెను ఫోన్‌లో కొట్టమంటోంది. ఆ పద్ధతి వాచ్‌లో కుదరక, 2023 జనవరిలో తన అథెంటికేటర్‌ను ఆపిల్ వాచ్ నుంచి తీసేసింది. కాబట్టి తాళం వాచ్‌తోనే తీయండి, లాగిన్‌కు ఫోన్‌లో అంకె కొట్టండి. మీరు లాగిన్ కాకుండానే అభ్యర్థన వచ్చిందంటే పాస్‌వర్డ్ బయటపడినట్టే అనుకోండి. తిరస్కరించి, వెంటనే మార్చేయండి.