దారపు రీలు ఎటు దొర్లును?

కుట్టుపనికి వాడు దారపు రీలును మీరెల్లరును చూచియే యుందురు. దానికి ఇరుప్రక్కల పెద్ద చక్రములును, నడుమ దారము చుట్టిన సన్నని కాండమును ఉండును. దారపు కొస కాండము అడుగు భాగము నుండి మీ వైపునకు వచ్చునట్లు రీలును బల్లపై నిలిపి, ఆ కొసను మెల్లగా లాగుడు. రీలు మీ చెంతకు వచ్చునా? దూరముగ పోవునా?

దారము విడివడి రీలు వెనుకకు పోవునని పలువురు తలంతురు. కాని దారమును బల్లకు సమాంతరముగ లాగినచో, రీలు దారమును చుట్టుకొనుచు మీ వైపునకే వచ్చును. కొసను క్రమముగ పైకెత్తుచు లాగినచో, ఒక కోణము దాటిన పిమ్మట అదే రీలు దారమును విడుచుచు దూరముగ దొర్లిపోవును.

దీనికి కారణమేమి? దొర్లు రీలున బల్లను తాకు బిందువు ఆ క్షణమున కదలక నిలిచియుండును. తలుపు బందు చుట్టు తిరుగునట్లు, రీలంతయు ఆ బిందువు చుట్టు తిరుగును. కావున దారపు రేఖను వెనుకకు పొడిగించి చూడవలెను. ఆ రేఖ స్పర్శబిందువునకు ఆవల బల్లను తాకినచో, లేక బల్లకు సమాంతరముగ నున్నచో, రీలు మీ వైపు వచ్చును. ఈవల, అనగా మీ వైపున తాకినచో దూరముగ పోవును. సరిగా స్పర్శబిందువు గుండ పోయినచో ఆ లాగుడు రీలును ఏ ప్రక్కకును త్రిప్పజాలదు.

ఒక ఉదాహరణము గైకొందము. చక్రపు వ్యాసార్థము 4 సెంటీమీటర్లు, దారముతో కూడిన కాండపు వ్యాసార్థము 2 సెంటీమీటర్లు అనుకొనుడు. రీలు కేంద్రము క, స్పర్శబిందువు ఖ, దారము కాండమును విడుచు చోటు గ. దారపు రేఖ ఖ గుండ పోవునపుడు కగఖ యొక లంబకోణ త్రిభుజము. గ వద్ద లంబకోణము. కర్ణమైన కఖ 4, భుజమైన కగ 2. భుజము కర్ణములో సగమగుటచే ఖ వద్ద కోణము 30 డిగ్రీలు. కఖ నిలువు రేఖ కనుక, దారము బల్లతో చేయు కోణము 60 డిగ్రీలు. అంతకు తక్కువైన రీలు దగ్గరకు వచ్చును, ఎక్కువైన దూరమగును. కాండము సన్నమగు కొలది ఈ కోణము 90 డిగ్రీలను సమీపించును. లావగు కొలది తగ్గును.

ఈ రీలును బల్లకు సమాంతరముగ లాగునపుడు అది 4 సెంటీమీటర్లు ముందునకు వచ్చుసరికి 2 సెంటీమీటర్ల దారము చుట్టుకొనును. మీ చేయి కదలునది 2 సెంటీమీటర్లే. అందుచేతనే రీలు చేతిని వెన్నాడి పట్టుకొనును.

ఒక జాగ్రత్త వహింపవలెను. ఈ నియమము రీలు జారక దొర్లునపుడే చెల్లును. నునుపైన బల్లపై గట్టిగ లాగినచో ఘర్షణము చాలక రీలు జారును. చక్రముపై సిరాతో నొక గుర్తు పెట్టుడు. రీలు ముందునకు సాగుచున్నను, గుర్తు దానికి తగినట్లు తిరుగకున్నచో జారుచున్నదని గ్రహింపుడు. అపుడు బల్లపై ముతక గుడ్డ పరచి, మెల్లగ లాగి చూడుడు.