మాత్రకూ ఒక వేళ ఉంది

ఇబ్రహీంపట్నంలో మా డాబా మీద నుంచి థర్మల్ స్టేషన్ చిమ్నీలు కనిపిస్తాయి. అక్కడ కూర్చుని పొద్దున్నే కాఫీ తాగడం, కాఫీతోనే మాత్రలన్నీ మింగేయడం నాకూ నా భార్యకూ అలవాటు. ఆ అలవాటు నేర్పిన పాఠాలు ఇవి.

1. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి.
నా భార్యకు థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములు. మోకాళ్ల నొప్పులంటే మందుల షాపులో కాల్షియం డబ్బా నేనే కొనుక్కొచ్చాను. రెండూ కలిపి వేసుకునేది. మూడు నెలలకు నీరసం, మలబద్ధకం. టీఎస్‌హెచ్ 11కి చేరింది. డోసు పెంచుతారనుకుంటే డాక్టరుగారు ముందు, "ఏది ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. కాల్షియం, ఐరన్ కడుపులోనే థైరాయిడ్ మందును పట్టేసుకుంటాయట, ఒంటికి పట్టనివ్వవట. డోసు మార్చలేదు, వేళలు మార్చారు. లేవగానే మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర, గంట ఆగి కాఫీ, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 3కి దిగింది.

2. తిమ్మిరి వస్తే షుగరు మీదకే నెట్టేయకూడదు.
పన్నెండేళ్లుగా నేను మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. అరికాళ్లలో చీమలు పాకినట్టుండేది. పరీక్ష చేయిస్తే బి12 బాగా తక్కువగా ఉంది. ఈ మందు ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. మాంసం, గుడ్లు ముట్టని మాలాంటి వాళ్లకు ఆ లోటు ఇంకా తొందరగా వస్తుంది. మెట్‌ఫార్మిన్ ఆపకుండానే బి12 ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు ఇచ్చారు. తిమ్మిరి తగ్గడానికి నెలలు పట్టింది. ఆలస్యం చేస్తే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

3. లోటు ఉంటేనే లాభం.
అమెరికాలో దాదాపు 26 వేల మంది పెద్దవాళ్లలో సగం మందికి రోజూ 2,000 యూనిట్ల విటమిన్ డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఐదేళ్లు చూశారు. వాళ్లను లోటు చూసి ఎంచుకోలేదు. ఎముకలు విరగడం ఏమీ తగ్గలేదని 2022లో తేలింది. లోటున్న వాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఇవ్వాల్సిందే. కానీ 60,000 యూనిట్ల మాత్ర సాధారణంగా వారానికి ఒకటే. మా వీధిలో ఒకాయన రోజుకొకటి మింగాడు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, తీరని దాహంతో ఆసుపత్రిలో చేరాడు.

4. డాక్టరు దగ్గరికి డబ్బాలన్నీ పట్టుకెళ్లాలి.
జుట్టు కోసం మా కోడలు బయోటిన్ వాడేది. అది ఒంట్లో ఉండగా రక్తం ఇస్తే థైరాయిడ్ పరీక్షలో అంకెలు తప్పు రావచ్చు. కనీసం రెండు రోజుల ముందు ఆపి ఇవ్వమన్నారు. "విటమినే కదా" అని ఆ డబ్బా సంగతి ఆమె చెప్పకపోతే, లేని జబ్బుకు మందు మొదలయ్యేది.