కందిపై పిచికారీ: మందు కూలీ ఒంటికి చేరే దారులు, వాటి నివారణ

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో కంది ప్రధానమైన వర్షాధార పంటలలో ఒకటి. ఖరీఫ్ కంది పూత, పిందె దశకు వచ్చేసరికి మారుకా గూడు పురుగు, శనగపచ్చ పురుగుల నివారణకు పిచికారీలు మొదలవుతాయి. అప్పటికి పైరు ఛాతీ ఎత్తు దాటి, కొన్నిచోట్ల తలను మించి ఉంటుంది. పిచికారీ చేసేది ఎక్కువగా కూలీలే. ట్యాంకు లెక్కన కూలి కట్టేచోట తొందర తప్పదు. ఈ పరిస్థితులలో మందు కూలీ శరీరానికి ఏ దశలో, ఏ దారిన చేరుతుందో గుర్తిస్తేనే రక్షణ చర్యలకు అర్థం ఉంటుంది.

లేబులు చెప్పేది, చెప్పనిది

క్వినాల్‌ఫాస్ 25 ఇ.సి.ని ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఆర్గానోఫాస్ఫరస్ వర్గపు మందు. డబ్బా లేబులుపై వజ్రాకారపు గుర్తులో కింది త్రికోణం పసుపు రంగులో ఉంటుంది. 1971 నాటి కీటకనాశినుల నియమావళి ప్రకారం, ప్రయోగ జంతువులలో సగం చనిపోవడానికి నోటి ద్వారా కావలసిన మోతాదు కిలో శరీర బరువుకు 1-50 మి.గ్రా. అయితే ఎరుపు, 51-500 అయితే పసుపు, 501-5000 అయితే నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. చర్మం ద్వారా కలిగే విషప్రభావానికి వేరే హద్దులు ఉన్నాయి.

రంగు తెలిపేది మందు స్వభావాన్ని మాత్రమే. ఆ రోజు ఒంటిపై ఎంత మందు పడుతుందో అది చెప్పదు. ఎరుపు కాదు కదా అని ఒట్టి చేతులతో కలిపే కూలీకి, జాగ్రత్తగా ఎర్ర త్రికోణపు మందు వాడే కూలీ కంటే ఎక్కువ విషం సోకవచ్చు. కాబట్టి డబ్బా మూత తీసే ముందే రంగుతోపాటు మోతాదు, రక్షణ దుస్తులు, విరుగుడు వివరాలను లేబులు, కరపత్రాల నుండి కూలీకి చదివి వినిపించాలి. చాలాచోట్ల డబ్బా రైతు వద్దే ఉండి, ట్యాంకు మాత్రమే కూలీ భుజానికి చేరుతుంది.

అసలు ప్రమాదం కలిపే దశలో

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పత్తి సాగుచేసే కుటుంబాలపై జరిగి 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పిచికారీ సందర్భాలను స్త్రీలే నమోదు చేశారు. మందు కలిపి ట్యాంకులు నింపే స్త్రీల పని, స్వయంగా పిచికారీ చేయడంతో సమానంగా ప్రమాదకరమని అందులో తేలింది. కారణం లెక్కలోనే ఉంది.

క్వినాల్‌ఫాస్ మోతాదు లీటరు నీటికి 2 మి.లీ. అంటే చేతిపై పడిన 1 మి.లీ. గాఢ ద్రవంలో అర లీటరు పిచికారీ ద్రావణంలో ఉన్నంత మందు ఉంటుంది. ఎకరానికి 200 లీటర్ల ద్రావణానికి 400 మి.లీ. మందు కావాలి. 16 లీటర్ల ట్యాంకుతో పన్నెండున్నర ట్యాంకులు అవుతాయి. ప్రతిసారీ 32 మి.లీ. కొలిచి పోస్తే, గాఢ ద్రవం చేతికి తగిలే అవకాశం పదమూడు సార్లు ఏర్పడుతుంది.

దీనిని ఒక్కసారికి తగ్గించవచ్చు. చేతి తొడుగులు, ముఖ కవచం, పాలిథీన్ ఏప్రన్ ధరించి 400 మి.లీ. మందును బకెట్లో నీటితో 12.5 లీటర్లకు చేర్చాలి. తరువాత ప్రతి ట్యాంకుకు ఒక లీటరు చొప్పున పోసి, మిగతాది నీటితో నింపితే సరిపోతుంది. ఈ తొలి ద్రావణం చిందినా మందు గాఢత డబ్బాలోని దానిలో ముప్పయ్యో వంతు మాత్రమే. అయితే ఇది నిలవ ఉంటే విడిపోతుంది కనుక ప్రతిసారీ కర్రతో కలిపిన తరువాతే తీయాలి. బకెట్‌పై మూత ఉంచాలి, అదే రోజు వాడేయాలి.

దుస్తులు: ఏ భాగానికి ఏది

ఇ.సి. మందులోని ద్రావకం చర్మం గుండా మందు లోపలికి చేరడానికి తోడ్పడుతుంది. పీల్చుకోవడం అన్ని భాగాలలో ఒకేలా ఉండదు. ఇదే వర్గపు పారాథియాన్‌పై జరిగిన పరీక్షలలో ముంజేతితో పోలిస్తే నుదురు సుమారు నాలుగు రెట్లు, వృషణాల చర్మం సుమారు పన్నెండు రెట్లు ఎక్కువగా పీల్చుకున్నట్లు కనబడింది. తడిసిన కంది కొమ్మలు రాసుకునేది తొడలకు, గజ్జలకు. ఈ కారణంగా మోకాళ్ల కింది వరకు వచ్చే ఏప్రన్‌ను పిచికారీలోనూ తీయకూడదు.

గుడ్డ చేతి తొడుగులు మందును పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి. నైట్రైల్ రబ్బరు తొడుగులే వాడాలి. ఎత్తైన పైరులో చేయి పైకెత్తి పిచికారీ చేసేటప్పుడు ద్రవం మోచేతి వైపు జారుతుంది కాబట్టి తొడుగును చొక్కా చేతి మీదుగా వేసి, అంచును బయటికి మడవాలి. ముక్కుకు కట్టిన తువ్వాలు తడిస్తే అదే మందు సంచి అవుతుంది. ట్యాంకు కారి వీపు తడిస్తే పని ఆపి, సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకోవాలి.

గాలివాటం

100 మైక్రాన్ల కంటే చిన్న బిందువులు సులువుగా కొట్టుకుపోతాయి. పీడనం పెరిగినకొద్దీ అవి ఎక్కువవుతాయి. ఆకులు కొద్దిగా కదిలేంత నిలకడైన గాలి పిచికారీకి అనువైనది. పొగ నేలబారుగా పరచుకునే తెల్లవారుజామున సన్నని బిందువులు పైరులోనే తేలుతూ ఉంటాయి కనుక ఆ సమయం పనికిరాదు.

గాలి ఈశాన్యం నుండి వీస్తున్నదనుకుంటే పిచికారీని నైరుతి అంచున మొదలుపెట్టి, గాలికి అడ్డంగా నడుస్తూ, ఒక్కొక్క పట్టీ ఈశాన్యానికి జరగాలి. అప్పుడు కూలీ ఎల్లప్పుడూ తడవని వరుసలలో ఉంటాడు. లాన్స్‌ను గాలి పోయే వైపుకే పట్టాలి. తలెత్తు పైరులో ఈ పద్ధతి ఒక్కటే చాలదు. విత్తేటప్పుడే కొన్ని వరుసలకు ఒక బాట వదిలితే కొమ్మలను తోసుకుంటూ నడిచే అవసరం తగ్గుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తిపై పిచికారీ చేసిన ఇరవై మందికి పైగా మరణించినప్పుడు, ఆ ఏడాది పైరు మామూలు కంటే ఎత్తు పెరగడం కూడా ఒక కారణంగా చర్చకు వచ్చింది.

ఎండ దెబ్బా? విషప్రభావమా?

తలనొప్పి, వికారం, నీరసం రెండింటిలోనూ ఉంటాయి. ఎండ దెబ్బలో నోరు ఎండుతుంది. ఆర్గానోఫాస్ఫరస్ విషంలో లాలాజలం, కన్నీరు, చెమట ఎక్కువవుతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, చూపు మసకబారుతుంది, కండరాలు అదురుతాయి, ఛాతీ పట్టేసినట్లు ఉంటుంది. కంటిపాప మామూలుగా ఉన్నంత మాత్రాన విషం లేదని తేల్చరాదు. చర్మం ద్వారా చేరినప్పుడు లక్షణాలు కొన్ని గంటల తరువాత, ఇంటికి వెళ్లాక బయటపడవచ్చు. అందుచేత ఇంట్లోవారికి కూడా ఇవి తెలియాలి.

ఈ మందులు నాడీ వ్యవస్థకు అవసరమైన కోలినెస్టరేజ్ ఎంజైమును అణచివేస్తాయి. బాగా దెబ్బతిన్న తరువాత ఎర్ర రక్తకణాలలో అది తిరిగి చేరేది రోజుకు సుమారు ఒక శాతమే. వరుసగా పది పొలాల్లో పిచికారీ చేసిన కూలీ పదకొండవ రోజు కొద్దిపాటి మందుకే కుప్పకూలడానికి ఇదే కారణం. ఒకసారి లక్షణాలు కనబడిన వ్యక్తిని వైద్యుడు అనుమతించే వరకు ఈ వర్గపు మందుల జోలికి పంపరాదు.

బాధితుడిని గాలి వచ్చే చోటికి చేర్చి, దుస్తులన్నీ తీసి, జుట్టు, గోళ్లతో సహా సబ్బు నీటితో కడగాలి. కడిగేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. మందు మింగినా వాంతి చేయించరాదు; ద్రావకం ఊపిరితిత్తులలోకి పోతుంది. 108కు ఫోన్ చేసి, డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆర్గానోఫాస్ఫరస్ విషానికి అట్రోపిన్ విరుగుడు. కందిపై వాడే క్లోరాంట్రనిలిప్రోల్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. ఈ తేడాను వైద్యుడికి వెంటనే చెప్పగలిగేది లేబులు మాత్రమే. కాబట్టి పిచికారీ ముగిసే వరకు డబ్బా రైతు ఇంట్లో కాక, పొలం గట్టున భద్రంగా మూసిన పెట్టెలో ఉండాలి.