డాలర్ బిల్లు, మార్చి 31 రేటు

సందేహం: మాది విజయవాడలో బేరింగుల వ్యాపారం. చైనా నుంచి 20,000 డాలర్ల సరుకు అరువు మీద తెచ్చాం. బిల్లు నాడు డాలరు రూ. 83. ఫిబ్రవరిలో సగం కట్టాం, బ్యాంకు 84 చొప్పున తీసుకుంది. మిగతా సగం మార్చి 31కి బాకీ ఉంది, ఆనాటి రేటు 85.50. కట్టని డబ్బుకు నష్టం రాయమని ఆడిటరు గారంటున్నారు. చేతి నుంచి పైసా పోకుండా నష్టం ఎలా అవుతుంది? రాయాల్సిందే అయితే సరుకు ఖరీదులో కలపకూడదా?
- ఒక అకౌంటెంట్, విజయవాడ

సమాధానం: మీ ఆడిటరు గారు చెప్పింది సరైనదే. సరుకు కొన్న రోజు దాని ఖరీదు రూ. 16,60,000 అని ఖాయమైపోయింది. తర్వాత డాలరు ఎటు వెళ్ళినా ఆ అంకె మారదు. గోడౌన్‌లో మిగిలిన బేరింగులను కూడా 83 లెక్కనే చూపాలి. కదిలేది మీ బాకీ ఒక్కటే, ఎందుకంటే మీరు అప్పు పడింది డాలర్లలో. అకౌంటింగ్ స్టాండర్డ్ 11 చెప్పేది ఇదే: డబ్బు రూపంలో తీర్చాల్సిన విదేశీ బాకీని ఏడాది చివరి రోజు రేటుకు తిరిగి లెక్కగట్టాలి, తేడాను లాభనష్టాల ఖాతాకు తీసుకెళ్ళాలి.

మీ అంకెలతోనే చూద్దాం. ఫిబ్రవరిలో కట్టిన 10,000 డాలర్లు పుస్తకాల్లో రూ. 8,30,000గా ఉన్నాయి, మీరిచ్చింది రూ. 8,40,000. పదివేలు మారకపు నష్టం. సరఫరాదారు ఖాతాకు 8,30,000, నష్టం ఖాతాకు 10,000 డెబిట్, బ్యాంకుకు 8,40,000 క్రెడిట్. ఆ రోజు బ్యాంకు కమీషన్ తీసుకుని ఉంటే దాన్ని ఇందులో కలపకండి, అది బ్యాంకు చార్జీల పద్దు.

మిగిలిన 10,000 డాలర్ల బాకీ పుస్తకాల్లో ఇంకా 8,30,000 గానే ఉంది. మార్చి 31న దాని విలువ రూ. 8,55,000. కాబట్టి మారకపు నష్టానికి 25,000 డెబిట్, సరఫరాదారుకు అంతే క్రెడిట్. ఈ ఏడాది మొత్తం నష్టం రూ. 35,000. పైసా పోలేదన్నది నిజమే. కానీ ఆ రోజు అప్పు తీర్చాలంటే 8,55,000 కావాలి. బ్యాలెన్స్ షీటులో 8,30,000 అని చూపితే అప్పు తక్కువ చేసి చెప్పినట్టే. రేటు పడిపోతే ఇదే పద్ధతిలో లాభం కూడా రాయాలి. నష్టం మాత్రం రాసి లాభం వదిలేయడం కుదరదు.

అసలు పొరపాటు జరిగేది ఆ తర్వాత. మేలో 84.75 చొప్పున రూ. 8,47,500 కట్టారనుకోండి. చాలామంది పాత బిల్లు తీసి, 83కీ 84.75కీ తేడా అని మళ్ళీ 17,500 నష్టం రాస్తారు. కానీ మార్చి 31న బాకీ 8,55,000 అయింది కదా! దానితో పోలిస్తే ఇప్పుడు రూ. 7,500 లాభం. కొందరు ఏప్రిల్ 1న 25,000 ఎంట్రీని తిరగేసి, చెల్లింపు నాడు 83తో పోలుస్తారు. అప్పుడు 17,500 నష్టం రాయడం సరైనదే; తిరగేసిన 25,000తో కలిపితే నికరం అదే 7,500 లాభం. రెండు పద్ధతులూ కలగలిపితేనే చిక్కు.

సరిచూసుకోవడం సులువు. రెండు చెల్లింపులూ కలిపి రూ. 16,87,500. బిల్లు నాటి విలువ తీసేస్తే 27,500. రెండేళ్ళ లెక్కలోనూ 35,000లోంచి 7,500 పోతే 27,500 రావాలి. అది రాకపోయినా, డాలర్లన్నీ కట్టాక సరఫరాదారు ఖాతాలో రూపాయలు మిగిలినా, ఏదో ఎంట్రీ తప్పిందన్నమాట. ట్యాలీలో బిల్లులు డాలర్లలో ఎక్కించి ఉంటే బ్యాలెన్స్ షీటులో `Unadjusted Forex Gain/Loss` అనే వరుస కనిపిస్తుంది. అది కనిపిస్తుంటే తేడాకు జర్నల్ ఇంకా వేయలేదని అర్థం.

ఇంకొక్క మాట. బిల్ ఆఫ్ ఎంట్రీ మీద ఉండే రేటు కస్టమ్స్ సుంకం లెక్క కోసం. సరుకు కొనుగోలును ఆ రేటుకు ఎక్కించకండి.

సందేహం: మేం అడ్వాన్సుగా 5,000 డాలర్లు పంపాం, సరుకు ఇంకా రాలేదు. దాన్నీ మార్చి 31 రేటుకు మార్చాలా?
- ఒక దిగుమతిదారు, విశాఖపట్నం

సమాధానం: అక్కర్లేదు. మీకు రావాల్సింది సరుకు, డాలర్లు కాదు. పంపిన రోజు రేటుకే ఉంచండి. సరుకు వచ్చాక అడ్వాన్సు మేరకు ఖరీదు కూడా ఆ రేటుకే పడుతుంది. ఆర్డరు రద్దయి, డబ్బు వెనక్కి రావాలని తేలితే మాత్రం అది డాలర్లలో రావాల్సిన బాకీ అవుతుంది. అప్పుడు మార్చి 31 రేటుకు మార్చి తీరాలి.