లాగు బుక్కులోని ఆ రాత్రి

సత్తెనపల్లి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కోడలును పసివాడును క్షేమముగా నున్నారని విని మనసు కుదుటబడినది. అయితే నీవు ‘బాబాయి’ అని పిలుచు ఆ ఆపరేటరుకు ఫోనులో ‘థాంక్స్ బాబాయ్’ అని ఒక్కమాట చెప్పి ఊరకుంటివని తెలిసి, ముప్పది యేండ్లు అదే అమ్మోనియా యంత్రము ముందు కూర్చున్నవాడను గనుక, నిన్న సాయంకాలము కోల్డ్ స్టోరేజికి పోయి, బిడ్డ పుట్టిన రాత్రి లాగు బుక్కు విప్పి చూచితిని. నీవు చూడని పుట అది.

మధ్యాహ్నము రెండు గంటలకు ఎక్కిన మనిషి రాత్రి పదింటికి నీకు యంత్రమప్పగించి దిగవలసియుండగా, నీ ఫోను వచ్చిన పిదప తెల్లవారి ఆరింటివరకు ఉండిపోయినాడు. గంటగంటకు అతడు వ్రాసిన అంకెలలో డిస్చార్జి ప్రెషరు 195 పౌండ్లకు అటునిటుగా నున్నది. రెండుంబావుకు మాత్రము 225. కండెన్సరుకు నీళ్లు తోడు పంపు ఆగిపోయినది. నీళ్లు పడని కండెన్సరులో అమ్మోనియా చల్లబడదు, ఒత్తిడి నిమిషనిమిషమునకు పెరుగును. కటౌటు పనిచేసినచో యంత్రము తానే ఆగును, అది మొరాయించినచో సేఫ్టీ వాల్వు లేచి వాయువు బయటబడును. పన్నెండు గంటలకు పైగా యంత్రము ముందుండి కునికిపాట్లు పడవలసిన వేళ అతడు పంపు చప్పుడు ఆగుట చెవితోనే పసిగట్టి, కంప్రెసరు నిలిపి, రెండవ పంపు తిప్పి, ప్రెషరు దిగువరకు కాచుకొని, రెండు ముప్పావుకు మరల నడిపించినాడు. ఛాంబరులో అర డిగ్రీ కూడ పెరుగలేదు. యంత్రము తెల్లవార్లు ఆగినను రైతుల టిక్కీలలోని మిరపకాయ ఒక్క రాత్రిలో చెడిపోదని నేనెరుగుదును. కాని ఆ గదిలో మనిషి లేకున్న అమ్మోనియా సంగతి అట్లు కాదు. ఆవరణలో హమాలీలు పండుకొనియుండిరి.

ఇంకొక సంగతి అతడు నీకు చెప్పియుండడు. ఆ రాత్రి మబ్బు పట్టియుండెను. అతని రెండవ కోత కాయ కల్లములో పరచియున్నది. షిఫ్టు దిగి పోయి పట్టాలు కప్పుకొనవలెనని అనుకొన్నవాడు, నీకొరకు ఆగి, భార్యకు ఫోను చేసినాడు. ఆమెయు చిన్నకొడుకును టార్చిలైటు పట్టుకొని కల్లమంతయు కప్పిరి.

ఇప్పుడు నీ వైపు లెక్క చూడుము. పదింటికి షిఫ్టు ఎక్కక బయలుదేరితివి గనుక పదకొండున్నరకు కోడలిని గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చగలిగితివి. ఆపరేషనుకు రక్తము కావలెననగా, బ్యాంకులోని సీసాకు బదులుగా నీ రక్తమిచ్చితివి. ఒంటిగంట దాటిన పిదప బిడ్డ ఏడుపు విన్నది నీవే. అతని ముందు కూర్చుండి ఈ మాటలే చెప్పుము: ‘బాబాయ్, నువ్వు ఇక్కడున్నావు కాబట్టే పదకొండున్నరకి నేను అక్కడున్నాను. వాడు పుట్టినప్పుడు బయట నేనే ఉన్నాను. పంపు ఆగిన సంగతి పెదనాన్న బుక్కులో చూసి చెప్పాడు. పిన్ని కల్లం కప్పిన సంగతి కూడా తెలిసింది.’ ‘నీ మేలు మరువలేను’ అను మాట ఎవరు ఎవరికైనను చెప్పవచ్చును. పై మాటలు అతనికి తప్ప మరియొకరికి చెల్లవు. కల్లము మాట చెప్పునపుడు అతని భార్య కూడ అక్కడ ఉండునట్లు ఇంటికే పొమ్ము.

జేబులో నోటు పెట్టబోకుము, అతడు నొచ్చుకొనును. కాని అతనికి న్యాయముగా రావలసిన సొమ్ము వేరు. హాజరు పట్టీలో ఆ రాత్రి నీ పేరెదురుగా హాజరు వేసియున్నారు. మంచితనముతో వేసినదే కావచ్చును గాని, అది అతని పనిని మాపివేయుచున్నది. చట్టము ప్రకారము అదనపు గంటలకు రెట్టింపు కూలి అతనిది. అంతకంటె ముఖ్యము, ఆ రాత్రి అతనికి ఏ దెబ్బయో తగిలియున్నచో, పుస్తకములో లేని మనిషికి పరిహారమెట్లు వచ్చును? సూపర్‌వైజరుతో నీవే చెప్పి నీ పేరెదురుగా సెలవును, అతని పేరెదురుగా ఓటీని వేయింపుము. నీ ఒక రోజు జీతము పోవును, పోనిమ్ము.

మూడవ కోత కాయ ఈ వారమే కల్లమునకు వచ్చునట. ఆదివారము రెండు గంటల షిఫ్టు నీవు ఎక్కెదవని అతనితో చెప్పి వచ్చితిని. పంపు గ్లాండు ఇంకను కారుచున్నది, ఎక్కగానే చూచుకొనుము.

ఇట్లు,
మీ పెదనాన్న