రుద్రమదేవి మరణం: శాసనాలు చెప్పనిది

కాకతీయుల శాసనాలు చదువుతూ జీవితంలో సగం గడిపాను. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు తరచూ ఒక మాట అంటుంటారు: "శాసనంలో లేదు కాబట్టి జరగలేదు సార్." ఆ మాట ఒక్కోసారి నిలబడుతుంది, చాలాసార్లు నిలబడదు. ఎప్పుడు ఏది అన్నది నేను రుద్రమదేవి మరణం గురించి చదువుతూ నేర్చుకున్నాను.

1. ఆ రాయి ఎందుకు వేయించారో ముందు తెలుసుకోవాలి.

నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వారికి పుణ్యం కలగాలని భూమి దానం చేశాననీ పువ్వుల ముమ్మడి అందులో చెప్పుకున్నాడు. ఇతను మల్లికార్జున నాయకుడి కొలువులోని మనిషి. వాళ్లు ఎక్కడ పోయారో, ఎలా పోయారో, ఎవరి చేతిలో పోయారో ఒక్క ముక్క కూడా లేదు.

దాన్ని చూసి "యుద్ధం ప్రస్తావన లేదు, కనుక సహజ మరణమే" అనేవాళ్లున్నారు. అది దానశాసనం. ఏ భూమి, ఏ దేవుడికి, ఎవరి పుణ్యానికి అన్నది అందులో తప్పకుండా ఉండాలి. పోయిన తీరు చెప్పాల్సిన అవసరం దానికి లేదు. చెప్పనవసరం లేని చోట చెప్పకపోవడం నుంచి మనం ఏమీ రాబట్టలేం. ఊరి పేరును పట్టుకుని "ఆమె చందుపట్లలోనే నేలకొరిగింది" అనడం కూడా అంతే బలహీనం. దానం అక్కడ జరిగిందన్నంత వరకే ఆ రాయి సాక్ష్యం.

2. గొప్పలు చెప్పుకునే శాసనంలో లేని పేరుకు బరువెక్కువ.

రుద్రమపై తిరగబడిన కాయస్థ అంబదేవుడు 1290లో త్రిపురాంతకంలో శాసనం వేయించాడు. అది ప్రశస్తి. ఎవరెవరిని ఓడించాడో వరసగా చెప్పుకోవడానికే రాయించినది. అందులో మల్లికార్జునుడిపై గెలుపు ఉంది. రుద్రమను ఓడించాననీ లేదు, చంపాననీ లేదు.

ఇక్కడి మౌనం చందుపట్ల మౌనం లాంటిది కాదు. ఓరుగల్లు ఏలికను కూల్చినవాడికి అంతకు మించిన గొప్ప ఏముంటుంది? చెప్పుకోవడానికి చోటుంది, సందర్భం ఉంది, కోరిక ఉంది. అయినా చెప్పలేదు. అందుకే "అంబదేవుడే ఆమెను చంపాడు" అని తేల్చి రాసేవాళ్లను నేను అక్కడ ఆపుతాను. కానీ ఈ మౌనం కూడా పూర్తి రుజువు కాదు. నిన్నటిదాకా తాను సామంతుడిగా కొలిచిన రాణిని, అందులోనూ ఒక స్త్రీని, చంపానని రాయిపై చెక్కించుకోవడం కీర్తి అనిపించకపోయి ఉండవచ్చు. మౌనానికి ఇలాంటి ఇంకో కారణం తేలిగ్గా దొరికినప్పుడు దాని బలం సగానికి సగం తగ్గుతుంది.

మల్లికార్జునుడు అంబదేవుడి చేతిలో దెబ్బతిన్నాడు. రాణి, మల్లికార్జునుడు ఒకే శాసనంలో కలిసి శివలోకానికి వెళ్లారు. ఈ రెండూ కలిపితే అంబదేవుడితో జరిగిన పోరులోనే ఇద్దరూ పోయారన్నది బలమైన ఊహ అవుతుంది. దాన్ని ఊహగానే రాయాలి.

3. మిగిలినవి ఏవో, పోయినవి ఏవో లెక్క చూసుకోవాలి.

చందుపట్ల రాయి బయటికి రాకముందు రుద్రమ పాలన 1295 దాకా సాగిందని పుస్తకాల్లో రాసేవారు. మరణం చెప్పే శాసనం కనబడలేదు కాబట్టి బతికే ఉందన్న లెక్క అది. ఒక్క రాయితో ఆరేళ్లు చెరిగిపోయాయి. ఓరుగల్లు కొలువులో తాటాకులపై రాసిన లెక్కలు మనదాకా రాలేదు. మనకు మిగిలినవి ఎక్కువగా గుళ్ల దగ్గరి రాళ్లు. గుడికి సంబంధం లేని విషయం వాటిలో లేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

4. పరాయివాడి మౌనాన్ని అతనికి తెలిసినంతలోనే తూచాలి.

మార్కో పోలో మన తీరాన్ని ముత్ఫిలి పేరుతో వర్ణించాడు. అది మోటుపల్లి. వజ్రాలు, సన్నని బట్టలు, తెలివైన రాణి, అన్నీ ఉన్నాయి. ఆమె మరణం మాత్రం లేదు. అతను చైనా నుంచి ఓడ ఎక్కి తిరుగు ప్రయాణమైంది 1290 తరవాతే. కనుక ఆమె అప్పటికీ బతికే ఉందని వాదించవచ్చా? కుదరదు. అతను ఆమెను గత రాజు భార్య అన్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురని 1261 నాటి మల్కాపురం శాసనమే చెబుతోంది. ఇంత దగ్గరి బంధుత్వమే తప్పుగా విన్న మనిషికి మరణవార్త అందలేదంటే వింత లేదు. పైగా ఎదురుగా 1289 నాటి రాయి మాట్లాడుతోంది. ఒక్క సూటి సాక్ష్యం ఉన్న చోట ఎన్ని మౌనాలు పోగేసినా చెల్లవు.

ఎవరైనా విద్యార్థి ఈ విషయంపై వ్యాసం రాస్తే నేను ఒప్పుకునే వాక్యాలు ఇవి: ఆమె 1289లో ఆ దానం జరిగేనాటికే కన్నుమూసింది; మల్లికార్జునుడు కూడా పోయాడు; అంబదేవుడి తిరుగుబాటే కారణమై ఉండవచ్చు; పోయిన చోటు తెలియదు.